సంతాపం రాసేటప్పుడు ‘చనిపోయారు’ అనవచ్చా?

ప్రశ్న: మా ఆఫీసులో నాతో పనిచేసే అక్క వాళ్ల నాన్నగారు ఏడాదిగా క్యాన్సర్‌తో ఉండి మొన్న పోయారు. వాళ్లమ్మగారికి ఇంగ్లీషు రాదు, ఆవిడ కూడా చదివేలా తెలుగులో నాలుగు ముక్కలు రాద్దామనుకుంటున్నాను. ‘చనిపోయారు’ అంటే మొరటుగా ఉంటుందేమో అని టెన్షన్, ‘స్వర్గస్తులయ్యారు’ అంటే కృతకంగా ఉంది. ఏ మాట ఎంత కఠినమో వరసగా చెబుతారా? ఇప్పటికి రాసుకున్నది ఇది: “మీ నాన్నగారు క్యాన్సర్‌తో పోరాడి ఓడి స్వర్గస్తులయ్యారని తెలిసి చింతిస్తున్నాను. వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలి. మీరు ధైర్యంగా ఉండాలి.”

జవాబు:

‘చనిపోయారు’ మొరటు మాట కాదు, నిశ్చింతగా రాయొచ్చు. అయితే మీ ఉత్తరంలో ఆ మాట అవసరమే పడకపోవచ్చు. అదెలాగో చివర్లో చూపిస్తాను.

నేను తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై ఎనిమిదేళ్లు కంపోజింగ్ చేశాను, ప్రూఫులు చూశాను. శుభలేఖల తర్వాత మాకు ఎక్కువగా వచ్చే పని దినం కార్డులే. మనిషి పోయిన రెండో రోజో మూడో రోజో ఇంట్లోవాళ్లు కాగితం మీద రాసుకుని వచ్చేవారు. పేరు, తేదీ, భోజనాల చోటు చకచకా చెప్పేవారు. ‘ఫలానా తేదీన...’ అన్న చోటికి వచ్చేసరికి ఆగిపోయేవారు. ఆ ఖాళీలో ఏ మాట పడాలో వాళ్లతో కూర్చుని తేల్చడమే నాకు తెలిసిన విద్య.

కింది నుంచి మొదలుపెడదాం. అన్నిటికంటే కటువైనది ‘చచ్చాడు’, ‘చచ్చిపోయాడు’. మన గురించి మనం రోజుకు పదిసార్లు అనుకుంటాం, “ఎండకి చచ్చిపోతున్నా” అని. ఇంకొకరి ఇంటి మనిషి గురించి మాత్రం నోట రానివ్వం. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు “మా అయ్య సచ్చిపోయిండు” అంటే అందులో అమర్యాద ఏమీ ఉండదు. అది వాళ్ల మామూలు మాట, వాళ్ల సొంత మనిషి. అలా అనే హక్కు వాళ్లది, బయటివాళ్లకు రాదు. ఈ మెట్టు మీదే టపా కట్టేశాడు, గుటుక్కుమన్నాడు, నూకలు చెల్లాయి లాంటివి ఉన్నాయి. వాటి జోలికి ఎలాగూ పోరు.

ఆ పై మెట్టు ‘చనిపోయారు’. ఇందులో ‘చను’ అంటే వెళ్లడం. పాత పద్యాల్లో ‘చనియె’ అని ఉంటే వెళ్లాడనే అర్థం. అంటే ఇది ఒకప్పుడు చావు మాట ఎత్తకుండా ఉండటానికి వాడిన మెత్తటి మాటే, వాడగా వాడగా మామూలైంది. పోయారు, గతించారు, వెళ్లిపోయారు, అన్నిటిలోనూ ఉన్నది ఆ వెళ్లడమే. అందుకే మనవాళ్లు గుమ్మం దిగేటప్పుడు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్లొస్తాను’ అంటారు. ‘పోతా’ అన్న పిల్లాడిని ‘పోయొస్తా అను’ అని సరిదిద్దుతారు. తిరిగి రాని వెళ్లడం చావుకు మాత్రమే దాచిపెట్టుకున్న మాట.

‘పోయారు’ దీనికంటే దగ్గరి మాట. నోటితో అంటే ఎంతో సహజంగా ఉంటుంది, కాగితం మీద కొంచెం బోడిగా కనిపిస్తుంది. బాగా దగ్గరి స్నేహితులకు రాయొచ్చు. ‘వెళ్లిపోయారు’ ఇంకా మెత్తన. ఇక్కడ ఒకటి గమనించండి. మాట కటువుదనం సగం క్రియలో ఉంటే, సగం దాని చివర ఉంటుంది. “మీ నాన్న చనిపోయాడట” అన్నదానికీ, “నాన్నగారు చనిపోయారని తెలిసింది” అన్నదానికీ క్రియ ఒకటే. ‘గారు’, ‘రు’ చేరేసరికి రెండోది సంతాపమైంది. ‘మీ’ తీసేసి ఉత్త ‘నాన్నగారు’ అంటే ఆయన మీకూ కొంత అయినవారైనట్టు ఉంటుంది. చాలామంది క్రియ కోసం తల బద్దలు కొట్టుకుని ఈ చిన్న ముక్కల్ని వదిలేస్తారు.

తర్వాత పేపరు మాటలు. మరణించారు, మృతి చెందారు, మృతుడు, మృతదేహం. ఇవి మొరటువి కావు గానీ చల్లటివి. ‘మరణం’ మున్సిపాలిటీ ఇచ్చే ధ్రువీకరణ పత్రంలో ఉంటుంది, ‘మృతుడు’ పోలీసు పంచనామాలో ఉంటుంది. “లారీ ఢీకొని ఇద్దరి మృతి” అన్న హెడ్డింగు రోజూ చదివి చదివి, ‘మృతి’ అనగానే రోడ్డు గుర్తొస్తుంది. సంతాపం ఉత్తరంలో ఈ వరసలో ఏదీ వద్దు. ‘మరణవార్త విని’ అని రాసినా అది సభలో చదివే తీర్మానంలా ఉంటుంది.

పేపరు మాటల్లోనే మెత్తటివి రెండు ఉన్నాయి, కన్నుమూశారు, తుదిశ్వాస విడిచారు. కన్నుమూయడం అనగానే నిద్రలోకి జారుకున్నట్టు ఉంటుంది. జబ్బుపడి మంచం మీద పోయినవారికి అది సరిపోతుంది. యాక్సిడెంట్‌లో పోయిన కుర్రాడి గురించి అలా రాస్తే ఆ ఇంట్లోవాళ్లకు జరిగిందానికీ రాసినదానికీ పొంతన ఉండదు. ‘తుదిశ్వాస’ చూడటానికి గౌరవంగానే ఉంటుంది గానీ, చివరి రాత్రి పక్కన కూర్చున్నవాళ్లు ఆ శ్వాసను చెవులారా విన్నవాళ్లు. వాళ్లమ్మగారు చదువుతారన్నారు కాబట్టి దాన్ని మీరు వాడకండి.

ఇక నాకు ఎంతో ఇష్టమైనది, ‘కాలం చేశారు’. పల్లెలో పెద్దమనిషి పోతే పెద్దవాళ్లు ఇప్పటికీ అనే మాట ఇది. తెలంగాణలో ‘కాలం చేసిండు’ అంటారు. ఇందులో స్వర్గం లేదు, దేవుడు లేడు, ఏ మతంవారికీ అడ్డు రాదు. తన కాలం తాను పూర్తి చేసుకున్నాడన్న మర్యాద మాత్రం ఉంది. ఆ మర్యాదే దీనికి హద్దు కూడా. మనవల్ని చూసిన వయసువారికి చక్కగా అమరుతుంది. నలభై ఏళ్ల మనిషికి రాస్తే ‘కాలం పూర్తయింది’ అని మనమే తీర్పు చెప్పినట్టవుతుంది. పసిపిల్లలకైతే అసలు వాడరు. పిల్లల విషయంలో మన భాషలో ఉన్నది ‘దక్కలేదు’ అన్న మాట. “పాప దక్కలేదు” అంటారు, అంతే. అంత పెద్ద బాధను అంత చిన్న మాటలో పెట్టినది ఇంకోటి నాకు కనిపించలేదు. అయితే అది కూడా తల్లిదండ్రుల నోట రావాల్సింది, మనం రాసేది కాదు.

ఇప్పుడు మీకు కృతకంగా తోచిన పై మెట్ల దగ్గరికి వద్దాం. స్వర్గస్థులయ్యారు, దివంగతులయ్యారు, పరమపదించారు, శివైక్యం చెందారు. మాట ఎంత సంస్కృతమైతే అంత మెత్తనవుతుందని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో మెత్తదనం ‘వెళ్లిపోయారు’, ‘కాలం చేశారు’ దగ్గరే ఉంది. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ పెరిగేది గౌరవం, దాంతోపాటు దూరం. కార్డు మీద ఆ దూరం కావాలి, ఎందుకంటే అది ఊరందరికీ వెళ్లే కాగితం. ఇద్దరు మనుషుల మధ్య నడిచే ఉత్తరంలో అది గోడలా అడ్డు నిలబడుతుంది. మీకు కృతకం అనిపించింది అందుకే.

పైగా ఆ మాటలు పోయినవారి మతాన్నీ సంప్రదాయాన్నీ చెప్పేస్తాయి. ‘పరమపదం’ వైష్ణవుల మాట, ‘శివైక్యం’ శైవులది, ‘లింగైక్యం’ వీరశైవులది. ఇప్పుడు కొన్ని అందరూ వాడుతున్నారనుకోండి, అయినా పట్టింపు ఉన్న ఇంట్లో పట్టించుకుంటారు. క్రైస్తవుల కార్డులు చేసేటప్పుడు ‘ప్రభువునందు నిద్రించారు’ అని వేసేవాళ్లం. దినం బదులు ‘ఆదరణ కూడిక’ అని ఉండేది. ఆ ఇళ్లకు ‘స్వర్గస్థులయ్యారు’, ‘ఆత్మకు శాంతి చేకూరాలి’ అని రాయడం సరికాదు, చాలామంది విశ్వాసులు, ముఖ్యంగా ప్రొటెస్టెంట్లు, పోయినవారి కోసం అలా ప్రార్థించరు. ముస్లిం కుటుంబాల్లో ‘ఇంతెకాల్’ అంటారు. వాళ్లు ఆ సమయంలో చెప్పుకునే అరబీ వాక్యానికి అర్థం, మనం అల్లాహ్‌కు చెందినవాళ్లం, తిరిగి ఆయన దగ్గరికే వెళ్తాం అని. అక్కడా వెళ్లడమే. కమ్యూనిస్టుల ఇళ్లలో స్వర్గం మాటే ఎత్తరు, జోహార్లు అంటారు, సంస్మరణ సభ పెడతారు. మీకు ఆ ఇంటి సంప్రదాయం కచ్చితంగా తెలియకపోతే పై మెట్లన్నీ వదిలేయండి. వెళ్లిపోయారు, కాలం చేశారు, చనిపోయారు, ఈ మూడూ ఏ ఇంటికైనా పనికొస్తాయి.

ఒకవేళ వాడాలనే అనుకుంటే అక్షరాలు చూసుకోండి. అది స్వర్గస్థులు, ‘స్థ’ పెట్టాలి. ‘కీర్తిశేషులు’ పేరు ముందు పెట్టుకునే మాట, కబురు చెప్పడానికి వాడేది కాదు. శ్రద్ధాంజలి, నివాళి పోయినవారికి చెందుతాయి, సంతాపం, సానుభూతి ఉన్నవారికి. ‘మీకు మా శ్రద్ధాంజలి’ అని బతికున్నవాళ్లకు రాసిన కాగితం ఒకటి నేనే ప్రూఫులో పట్టుకుని ఆపాను.

ఓదార్పు అనుకుని రాసే కొన్ని మాటలు మాత్రం అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంటాయి. ఒకసారి ఒకమ్మాయి వాళ్లమ్మ కార్డు కోసం వచ్చింది. పాతికేళ్లుంటాయి. మేనమామ రాసిచ్చిన కాగితం తెచ్చింది, అందులో ‘ముత్తైదువగా, పుణ్యస్త్రీగా పరమపదించినారు’ అని ఉంది. నేను మామూలుగా కంపోజ్ చేసి ప్రూఫు ఇచ్చాను. ఆ అమ్మాయి నిలబడే చదివి, నా బల్ల మీది ఎర్ర పెన్ను తీసుకుని ఆ రెండు మాటలూ కొట్టేసింది. “ఇది నాన్న చదువుతారండీ. అమ్మ ముందు పోవడమే అదృష్టమైతే, మిగిలిన ఆయన ఏమనుకోవాలి?” అంది. అప్పటికి ఆ మాటను కొన్ని వందల కార్డుల్లో వేసి ఉంటాను, ఒక్కసారి కూడా ఆ కోణంలో చూడలేదు. ఆ రోజు నుంచి ప్రతి ప్రూఫూ ఆ ఇంట్లో మిగిలిన మనిషిలా చదవడం అలవాటు చేసుకున్నాను. ‘పండుటాకు రాలిపోయింది’, ‘నిండు జీవితం గడిపారు’, ‘ఆయన బాధ తీరింది’, ఇవన్నీ ఇంట్లోవాళ్లు అనుకుంటే ఊరట, మనం రాస్తే కోత. ఏడాది పాటు సేవ చేసినవాళ్లకే ‘బాధ తీరింది’ అనే హక్కు ఉంది. వాళ్లు అంటే మనం తలూపాలి.

జబ్బు మాటలకూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. నలతగా ఉంది అంటే కాస్త జ్వరం లాంటిది. ఒంట్లో బాగోలేదు, తెలంగాణలో పానం మంచిగ లేదు అంటే అది జలుబు నుంచి క్యాన్సర్ దాకా ఏదైనా కావచ్చు, అడిగినవాళ్లు గొంతును బట్టి గ్రహించాలి. సుస్తీ చేసింది, మంచం పట్టారు, సీరియస్‌గా ఉంది, అలా బరువు పెరుగుతుంది. అన్నిటి చివర ఉన్నది ‘ఇంటికి తీసుకెళ్లమన్నారు’ అన్న మాట. అందులో చావు లేదు, జబ్బు లేదు, ఆశ లేదన్న మాట కూడా లేదు. కానీ ఫోన్‌లో ఆ నాలుగు ముక్కలు వింటే చాలు, మనవాళ్లు బస్సెక్కుతారు. మనవాళ్లు భయమున్న దేన్నీ పేరు పెట్టి పిలవరు. మశూచికి ‘అమ్మవారు పోసింది’ అన్నారు, పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అన్నారు, దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. క్యాన్సర్‌ను కూడా చాలా ఇళ్లలో ‘ఆ జబ్బు’, ‘పెద్ద జబ్బు’ అనే అంటారు. కొన్నిచోట్ల పోయే రోజు దాకా రోగికి పేరు చెప్పకుండానే నడిపిస్తారు.

కాబట్టి మీ ఉత్తరంలో క్యాన్సర్ పేరు రాయకండి. అక్క మీకు చెప్పి ఉండొచ్చు, అమ్మగారు బంధువుల దగ్గర ఆ పేరు ఎత్తి ఉండకపోవచ్చు. ఆ కాగితం ఇంట్లో పదిమంది చేతుల్లోకి వెళుతుంది. ‘ఇన్నాళ్లూ ఆయన్ని చూసుకున్నారు’ అంటే జబ్బు సంగతి అందులోనే వచ్చేసింది, వాళ్లు పడ్డ కష్టాన్ని గుర్తించినట్టూ అయింది. ‘పోరాడి ఓడి’ అన్నది ఇంగ్లీషు వార్తల నుంచి వచ్చి చేరిన మాట. నాన్నగారు ఓడిపోయారని వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

మనిషి ఇంకా ఉండగానే, ఇంటికి తీసుకెళ్లమన్న తర్వాత రాయాల్సి వస్తే ‘త్వరగా కోలుకోవాలి’ అని రాయకూడదు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ‘రోజూ మీరే గుర్తొస్తున్నారు’ అంటే సరిపోతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతి. అన్నిటికంటే మెత్తటి మెట్టు మీద చావు మాటే ఉండదు. అందుకు తెలుగులో రెండు దారులున్నాయి. ఒకటి ‘విషయం’. “నాన్నగారి విషయం ఇప్పుడే తెలిసింది” అంటే పరామర్శకు వచ్చినవాళ్లు గుమ్మంలో అనే మాట అదే. ఏ విషయమో ఎవరూ అడగరు. రెండోది ‘చేసేవారు’, ‘అడిగేవారు’ లాంటి మాటల్లో వచ్చే ‘ఏవారు’ అన్న క్రియ చివర. “నాన్నగారు నాకు ఫోన్ చేసేవారు” అని రాస్తే ఇక చేయరన్న సంగతి ఆ క్రియలోనే ఉంది. దానిమీద మళ్లీ ‘స్వర్గస్థులయ్యారు’ అని మేకు కొట్టక్కర్లేదు.

ఈ రెండింటితో మీ ఉత్తరాన్ని ఇలా తిరగరాశాను. టిఫిన్ డబ్బా సంగతి నేను ఉదాహరణకు పెట్టింది. ఆ చోట మీకు నిజంగా తెలిసినదే రాయండి, ఎంత చిన్నదైనా ఫర్వాలేదు.

“అక్కా, నాన్నగారి విషయం తెలిసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మీ టిఫిన్ డబ్బాలో నాకోసం అని వేరే గిన్నెలో పచ్చడి పెట్టించేవారు, మర్నాడు ఎలా ఉందని మీతో అడిగించేవారు. ఆయన్ని నేను చూసింది రెండుసార్లే, అయినా మా ఇంటి పెద్దాయన వెళ్లిపోయినట్టు ఉంది. ఈ ఏడాదంతా మీరూ అమ్మగారూ ఆయన్ని ఎలా చూసుకున్నారో మాకు తెలుసు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆఫీసు పని గురించి ఏమీ ఆలోచించకండి, ఈ నెల రిపోర్టులు నేను చూసుకుంటాను.”

మీరు రాసుకున్న ‘ధైర్యంగా ఉండాలి’ని తీసేసి చివర్లో రిపోర్టుల మాట పెట్టాను. ధైర్యం చెప్పడం వయసులో పెద్దవాళ్లు చేసే పని, అక్కకంటే చిన్నవారు పని అందుకుంటే చాలు. ‘పవిత్ర ఆత్మ’ కూడా తీసేశాను, అది కార్డు మీది మాట. ఆయన గురించి ఒక మంచి మాట కలపాలనిపిస్తే ‘చాలా మంచి మనిషి’ అని క్రియ లేకుండా రాయండి. ‘మంచి మనిషిగా ఉండేవారు’ అంటే ఒకప్పుడు మంచివాడు అన్నట్టు వినిపిస్తుంది. క్రియ లేని వాక్యానికి ఆయన ఉన్నా లేకపోయినా తేడా రాదు.

చేత్తోనే రాయండి. అమ్మగారు చదవాలి కాబట్టి అక్షరాలు కొంచెం పెద్దవిగా. పైన ‘క్షేమం’ అన్న మాట రాయకండి, మొదటి మాటే ‘అక్కా’ అని ఉండాలి. పెద్దకర్మ లోపు అందితే మంచిది, ఆ తర్వాత ఇల్లు ఖాళీ అయిపోతుంది. మీరే తీసుకెళ్లి ఇస్తే కాసేపు అమ్మగారి దగ్గర కూర్చోండి. లేచేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ ‘వెళ్లొస్తానండీ’ అనకండి. చావు జరిగిన ఇంట్లో ఆ మాట అనరు. చెప్పకుండానే లేచి చెప్పులు వేసుకోండి, ఎవరూ తప్పుపట్టరు.